ఊడిన బిళ్ల, జారే అద్దం: టీపాయికి ఏ జిగురు?

టీపాయి అద్దం కింద అంటించిన లోహపు బిళ్ల ఊడి కింద పడగానే చాలా ఇళ్లలో మొదట జరిగే పని ఫెవిక్విక్ వెతకడం. సగం వాడిన ట్యూబు ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. నాలుగు చుక్కలు వేసి, బిళ్లను నొక్కిపట్టి, ముప్ఫై లెక్కపెట్టేసరికి అంటుకుంటుంది. లాగి చూస్తే కదలదు కూడా. పని అయిపోయిందనుకుంటాం. తర్వాత ఎండాకాలంలో ఓ మధ్యాహ్నం, ఎవరూ ముట్టుకోకుండానే టక్కున ఊడుతుంది. అప్పుడు హార్డ్‌వేర్ షాపుకెళ్లి, ‘‘అన్నా, ఇంతకన్నా గట్టి గమ్ ఏదన్నా ఉంటే ఇవ్వు’’ అంటాం. ఆయన అల్మరాలో ఉన్నవాటిలో ఖరీదైనది తీసి ఇస్తాడు.

తప్పు షాపాయనది కాదు, మనం అడిగిన తీరుది. ఆ బిళ్ల జిగురుకు బలం చాలక ఊడలేదు. అది మరీ బిగుసుకుపోయి, ఏమాత్రం సాగలేక ఊడింది. గాజుకూ లోహానికీ మధ్య పెట్టే జిగురు ఎంత బరువు మోస్తుందన్నది రెండో సంగతి. ఆ రెండూ కదులుతుంటే వాటితోపాటు తానూ కదలగలదా అన్నది మొదటిది.

బల్ల మీద కదలకుండా పడి ఉన్న అద్దం ఎక్కడికి కదులుతుందని అనుమానం రావచ్చు. వేడికి కదులుతుంది. మీటరు పొడవున్న మామూలు గాజు ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 9 మైక్రాన్లు పెరుగుతుంది. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అదే వేడికి అంతే పొడవున్న మామూలు ఇనుము 12 మైక్రాన్ల దాకా, వంటగిన్నెల స్టెయిన్‌లెస్ స్టీలు 17, ఇత్తడి 19, అల్యూమినియం 23 మైక్రాన్ల దాకా పెరుగుతాయి. అంటే గాజుకు అన్నిటికన్నా దగ్గరి చుట్టం ఇనుము, దూరపు చుట్టం అల్యూమినియం. మన టీపాయిల కింద ఉండేవి ఎక్కువగా స్టీలు బిళ్లలో అల్యూమినియం బిళ్లలో.

ఇప్పుడు 60 మిల్లీమీటర్ల వెడల్పున్న అల్యూమినియం బిళ్ల ఒకటి తీసుకుందాం. ఏసీ గదిలో 25 డిగ్రీల దగ్గర అంటించాం. మే నెలలో కిటికీలోంచి ఎండ నేరుగా పడి అది 55 డిగ్రీలకు చేరింది. ముప్ఫై డిగ్రీల తేడా. ఆ తేడాకు బిళ్ల గాజు కన్నా 25 మైక్రాన్లు ఎక్కువ పెరుగుతుంది. మధ్య నుంచి చూస్తే ఒక్కో అంచు దాదాపు 12 మైక్రాన్లు బయటికి జరగాలి. ఇది కంటికి ఆనే కొలత కాదు. కానీ ఫెవిక్విక్ లాంటి జిగురు నొక్కితే పరుచుకునే పొర మందం కూడా 30, 40 మైక్రాన్లకు మించదు. తన మందంలో మూడో వంతు పక్కకు సాగితే తప్ప ఆ పొర అంచుల దగ్గర నిలవలేదు. గట్టిపడ్డాక అది అంత సాగే పదార్థం కాదు. సాయంత్రం ఏసీ వేయగానే బిళ్ల మళ్లీ వెనక్కి లాక్కుంటుంది. పొద్దుటికీ సాయంత్రానికీ మధ్య రోజూ ఇదే గుంజులాట. ముందు అంచు చిట్లుతుంది, అక్కణ్నుంచి చీలిక లోపలికి పాకుతుంది.

అదే బిళ్ల కింద జిగురు పొర ఒక మిల్లీమీటరు మందం ఉండి, రబ్బరులా సాగేదైతే? అవే 12 మైక్రాన్లు ఇప్పుడు మందంలో నూరో వంతు మాత్రమే. రబ్బరుకు అదొక లెక్కే కాదు. జిగురు ఎంత పలచగా ఉంటే అంత గట్టి అని వడ్రంగం పనిలో నేర్చుకున్న సూత్రం ఇక్కడ తలకిందులవుతుంది.

గాజుకు రెండో శత్రువు నీళ్లు. గాజు ఉపరితలం మీద ఎప్పుడూ కంటికి కనిపించని నీటి పొర ఒకటి ఉంటుంది. గాలిలోని తేమ నుంచి అది తనంతట తానే చేరుతుంది. నిజానికి ఫెవిక్విక్ జాతి జిగురు, అంటే సయనోఅక్రిలేట్, గట్టిపడటానికి కావలసింది ఆ తేమే. గాజు ఉపరితలానికి కొంత క్షార గుణం కూడా ఉంటుంది కనుక దాని మీద ఈ జిగురు మరీ హడావుడిగా బిగుసుకుంటుంది. అందుకే అంత త్వరగా పట్టేస్తుంది, మనం అంత త్వరగా మోసపోతాం. తర్వాత రోజూ తడిగుడ్డతో తుడిచినప్పుడల్లా, అద్దాలు తుడిచే నీలం మందు కొట్టినప్పుడల్లా అంచు నుంచి కొద్దికొద్దిగా తేమ లోపలికి చేరుతుంది. గాజుకు నీళ్లంటే ఉన్న మక్కువ జిగురంటే లేదు. నీళ్లు వచ్చినచోట జిగురు తప్పుకుంటుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఈ పని మరింత వేగంగా జరుగుతుంది.

ఈ జిగురును మొదట గమనించిన హారీ కూవర్ కూడా దాన్ని పక్కన పడేశాడు. ఆయన ఈస్ట్‌మన్ కొడక్ రసాయన శాస్త్రవేత్త. 1942లో తుపాకీ గురి పరికరాల కోసం పారదర్శకమైన ప్లాస్టిక్ వెతుకుతుంటే ఇది తగిలింది. ముట్టుకున్న ప్రతిదానికీ అతుక్కుంటోందని విసుగెత్తి వదిలేశాడు. మళ్లీ 1951లో దాని విలువ తెలిసింది, 1958లో బజారుకొచ్చింది. విరిగిన ప్లాస్టిక్ బొమ్మకూ, చెప్పు మడమకూ దానికి సాటి లేదు. టీపాయి అద్దానికి మాత్రం అది సరిపోదు.

ఊడిన బిళ్ల ఏం చెబుతోంది?

కొత్త జిగురు కొనే ముందు ఊడిన బిళ్లనూ, అది ఊడిన చోటునూ వెలుతురులో పక్కపక్కన పెట్టి చూడండి. పాత జిగురు ఎక్కడ మిగిలిందో దాన్నిబట్టి తప్పెక్కడ జరిగిందో తెలిసిపోతుంది.

జిగురంతా బిళ్లకే ఉండి, అద్దం శుభ్రంగా అప్పుడే కడిగినట్టుంటే, వదిలింది గాజు వైపు. తేమ చేరి ఉండాలి, లేదా అంటించేటప్పుడే అద్దం మీద జిడ్డు ఉండి ఉండాలి. జిగురంతా అద్దానికే ఉండి బిళ్ల నున్నగా మెరుస్తుంటే, వదిలింది లోహం వైపు. నిగనిగలాడే లోహాన్ని రుద్దకుండా అంటిస్తే ఇలాగే అవుతుంది. రెండు వైపులా జిగురు సగం సగం మిగిలితే, జిగురే మధ్యలో తెగింది. అది పాతబడిందో, సరిగ్గా కలవలేదో, దాని శక్తికి మించిన బరువు పడిందో అనుకోవాలి.

ఇంకో రెండు గుర్తులున్నాయి, అవి అంత మామూలుగా కనిపించవు. జిగురు వెనకాల పలచని వెండి రేకులాంటిది అంటుకుని కనిపిస్తే, బిళ్ల మీది క్రోమ్ పూతే లేచి వచ్చేసిందన్నమాట. అప్పుడు ఎంత మంచి జిగురైనా చేసేదేమీ లేదు, మిగిలిన పూతను రుద్ది తీసేయాలి, లేదా బిళ్ల మార్చాలి. బిళ్లకు అంటిన జిగురు మీద గాజు పెచ్చు ఒకటి వచ్చి, అద్దంలో నఖం పట్టేంత గుంట పడితే అది ఇంకా పెద్ద సంగతి. జిగురు ఓడిపోలేదు, గాజే ఓడిపోయింది. అలా దెబ్బతిన్న అద్దం మీద బరువులు పెట్టకూడదు. అది టఫెన్డ్ గాజైతే అసలు వాడకూడదు. టఫెన్డ్ గాజు పగిలితే ముక్కలు కాదు, ఒక్కసారిగా గుళికలవుతుంది.

ఇక జిగురు ఎంపికకు ముందు టీపాయి కిందికి ఓసారి తొంగిచూడాలి. టీపాయిలు చూడటానికి ఒకేలా ఉన్నా లోపల రెండు జాతులు. మొదటి రకంలో నాలుగు కాళ్లూ ఒక చట్రానికి బిగించి ఉంటాయి. అద్దం ఆ చట్రం మీద కూర్చుంటుంది. బిళ్లల పని అద్దం పక్కకు జారకుండా చూడటమే. రెండో రకంలో చట్రమే ఉండదు. ఒక్కో కాలూ విడిగా, దాని తలమీది బిళ్లతో నేరుగా అద్దానికే అంటి ఉంటుంది. అదృష్టం బాగుంటే మీది మొదటి రకం.

తేడా ఎంతో లెక్క వేస్తే తెలుస్తుంది. రెండో రకం టీపాయిని ఎవరో కాలితో తన్నారనుకుందాం. 40 సెంటీమీటర్ల పొడవున్న కాలి అడుగున 5 కిలోల తోపుడు పడింది. కాలు మీటలా పనిచేసి పైన బిళ్లను ఒకవైపు పెకలిస్తుంది. 60 మిల్లీమీటర్ల బిళ్ల అయితే దాని అంచు దగ్గర చదరపు సెంటీమీటరుకు 9 కిలోల పైన గుంజుడు పడుతుంది. అద్దాల భవనాలు కట్టే ఇంజనీర్లు, భవనాలకే ప్రత్యేకంగా తయారైన సిలికాన్ మీద గాలి తాకిడి లాంటి తాత్కాలిక బరువుకు చదరపు సెంటీమీటరుకు 1.4 కిలోలకు మించి నమ్మకం పెట్టుకోరు. కాబట్టి కాళ్లు విడివిడిగా ఉన్న టీపాయికి సిలికాన్ పనికిరాదు. చట్రం ఉన్నదానికి అంతకన్నా మంచిది లేదు.

చట్రం ఉంటే సిలికాన్

హైదరాబాద్ హైటెక్ సిటీ వైపు వెళ్తే కనిపించే అద్దాల గోడల భవనాలు చాలావాటిలో గాజు పలకలను అల్యూమినియం చట్రాలకు పట్టి ఉంచేది సిలికానే. గాజూ అల్యూమినియమూ ఎండలో ఎంత ఎడంగా పెరిగినా మధ్యలో అది రబ్బరులా సాగి సర్దుకుంటుంది. ఎండకు పాడవదు, వానకు కరగదు. అక్కడ వాడేది షాపులో దొరికే మామూలు ట్యూబు కాదు, కానీ జాతి ఒకటే.

షాపులో సిలికాన్ అడిగితే రెండు రకాలు ఉంటాయి. ఒకటి మూత తీయగానే వెనిగర్ వాసన కొడుతుంది. ఆరేటప్పుడు అది ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది. గాజుకు గాజు అంటించే అక్వేరియం పనికి అది బాగుంటుంది. లోహం పక్కన మాత్రం వద్దు. ఇనుము, ఇత్తడి, జింకు పూత ఉన్న వస్తువులను ఆ ఆమ్లం తింటుంది. తుప్పు మీద అంటుకున్న జిగురు తుప్పుతో సహా రాలిపోతుంది. మనకు కావలసిన రెండో రకం ట్యూబు మీద ‘న్యూట్రల్’ లేదా ‘న్యూట్రల్ క్యూర్’ అని రాసి ఉంటుంది. దానికి వెనిగర్ వాసన ఉండదు. షాపాయన ‘‘రెండూ ఒకటే సార్’’ అన్నా ట్యూబు తిప్పి చదువుకోండి.

ట్యూబు కొన్న తర్వాత అసలు పని శుభ్రం చేయడంలో ఉంది. అద్దాన్ని తీసి, దుప్పటి పరిచిన నేల మీద బోర్లించండి. ఈ పనికి ఇద్దరు ఉండాలి. అద్దం మీది పాత జిగురును బ్లేడు ఏటవాలుగా పట్టి గీకేయండి. గాజును మాత్రం ఎమరీ పేపరుతో రుద్దకూడదు, ఒక్కో గీతా తర్వాత పగులుకు మొదలవుతుంది. అద్దం అడుగున రంగు పూసి ఉంటే బ్లేడూ పెట్టకూడదు. అలాంటి అద్దానికి అంటించినా మీ బిళ్ల గాజును కాదు, రంగును పట్టుకుంటుంది. బిళ్లను మాత్రం 120 లేదా 180 నంబరు ఎమరీ పేపరుతో మెరుపు పోయేదాకా రుద్దాలి. అల్యూమినియమైతే రుద్దిన గంటలోపే అంటించాలి, లేకపోతే దాని మీద కొత్త పొర పేరుకుంటుంది.

తర్వాత రెండింటినీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. ఎలక్ట్రానిక్ విడిభాగాల షాపుల్లో, కొన్ని మందుల షాపుల్లో దొరుకుతుంది. గోళ్లరంగు తీసే ద్రవం వాడకండి. అందులో గోళ్లు ఎండిపోకుండా నూనెలు కలుపుతారు, అవి అద్దం మీదే ఉండిపోతాయి. అద్దాలు తుడిచే నీలం మందూ అంతే, మెరుపు కోసం వేసిన పదార్థం కొంత మిగిలిపోతుంది.

శుభ్రమైందో లేదో తెలుసుకోవడానికి ఓ సులువైన పరీక్ష ఉంది. తుడిచిన చోట కాసిని మంచినీళ్లు చిలకరించండి. నీళ్లు పలచని పొరలా పరుచుకుంటే జిడ్డు లేదు. చుక్కలు చుక్కలుగా విడిపోయి గుండ్రంగా నిలబడితే ఇంకా జిడ్డు ఉంది, మళ్లీ తుడవాలి. బిళ్ల మీద కూడా ఇదే పరీక్ష. అది అయ్యాక పొడి గుడ్డతో తుడిచి, హెయిర్ డ్రయ్యరుతో గోరువెచ్చగా ఆరబెట్టండి. వానాకాలంలో ఈ ఆరబెట్టడం మానొద్దు. ఆ తర్వాత అక్కడ వేలు పెట్టకండి. ఒక్క వేలిముద్ర చాలు, చేసిన శుభ్రమంతా వృథా.

ఇప్పుడు అంటించడం. ఇక్కడ చాలామంది చేసే పని బిళ్ల నిండా సిలికాన్ పులిమి అద్దానికి అదమడం. న్యాయంగా చూస్తే ఎక్కువ జిగురు, ఎక్కువ పట్టు. కానీ సిలికాన్ ఆరేది గాలిలోని తేమను పీల్చుకుని. ఆ తేమ అంచుల నుంచే లోపలికి వెళ్లాలి, ఎందుకంటే పైన గాజు, కింద లోహం, రెండింట్లోంచీ తేమ దూరదు. అంచు నుంచి రోజుకు రెండు మూడు మిల్లీమీటర్లు గట్టిపడుతూ వస్తుంది, లోపలికి వెళ్లేకొద్దీ ఆ వేగమూ తగ్గిపోతుంది. 60 మిల్లీమీటర్ల బిళ్లకు అంచు నుంచి మధ్యకు 30 మిల్లీమీటర్లు. వారాల తరబడి మధ్యభాగం పచ్చిగానే ఉండిపోతుంది. పైకి మాత్రం ఆరినట్టే కనిపిస్తుంది.

అందుకని బిళ్ల మీద సిలికాన్‌ను పక్కపక్కన మూడు నాలుగు గీతల్లా పెట్టి, గీతకూ గీతకూ మధ్య గాలి ఆడే సందు వదలాలి. నొక్కాక కూడా ఆ సందులు పూర్తిగా మూసుకుపోకూడదు. పొర మందం ఒక మిల్లీమీటరు నిలవడానికి బిళ్ల అంచున మూడుచోట్ల ఒక మిల్లీమీటరు మందమున్న చిన్న రబ్బరు ముక్కలు పెట్టండి. అవి బిళ్లను మరీ కిందికి దిగనివ్వవు. బిళ్ల పక్కకు జరగకుండా కాగితపు టేపుతో అద్దానికి కట్టేయండి. బరువు పెట్టాల్సిన పని లేదు. ఎంత బరువు పెడితే అంత జిగురు బయటికి వచ్చేస్తుంది. వారం రోజులు అలాగే వదిలేయాలి. మూడో రోజున లాగి చూడాలనిపిస్తుంది, అదే వద్దు.

గీతలుగా పెట్టాం కనుక బిళ్ల వైశాల్యం 28 చదరపు సెంటీమీటర్లలో సగం, అంటే 14 చదరపు సెంటీమీటర్లే అంటుకుంటుంది. భవనాల లెక్కనే తీసుకుంటే తాత్కాలికంగా 20 కిలోల లాగుడుకు సరిపోతుంది. ఎప్పుడూ వేలాడే బరువైతే వేరే లెక్క. రాత్రీ పగలూ విడవకుండా లాగుతున్న బరువుకు సిలికాన్ మెల్లగా సాగుతుంది, అందుకే దానికి చదరపు సెంటీమీటరుకు 70 గ్రాములే అనుమతిస్తారు. మన బిళ్లకు అది సుమారు ఒక కిలో. షాపు ట్యూబుకు ఇంకా తక్కువ అనుకోవాలి. చట్రం మీద కూర్చున్న అద్దానికి ఇదేమీ అడ్డు కాదు, అక్కడ బరువంతా కిందికే నొక్కుతుంది. జిగురు మీద లాగుడు పడేది అద్దం పట్టుకుని టీపాయి మొత్తాన్ని పైకెత్తినప్పుడే.

కాళ్లు విడిగా ఉంటే

కాళ్లు నేరుగా అద్దానికే అంటి ఉన్న రకానికి ఫ్యాక్టరీలో వాడేది యూవీ జిగురు. అది అక్రిలిక్ జాతికి చెందిన తేనెలాంటి పారదర్శకమైన ద్రవం. చీకట్లో ఎంతసేపైనా ద్రవంగానే ఉంటుంది, అతినీలలోహిత కాంతి తగలగానే నిమిషాల్లో గట్టిపడుతుంది. గాజులోంచి ఆ కాంతి దూరుతుంది కనుక గాజు పనికే పుట్టినట్టు ఉంటుంది. సయనోఅక్రిలేట్ అంత పెళుసు కాదు, కొంత ఓర్చుకుంటుంది, తేమను బాగా తట్టుకుంటుంది, పట్టు సిలికాన్‌కు ఎన్నో రెట్లు.

ఇంట్లో చేయవచ్చు, కానీ మూడు షరతులున్నాయి. మొదటిది, బిళ్ల సమతలంగా ఉండాలి. ఈ జిగురు పొర మిల్లీమీటరులో పదో వంతు కన్నా పలచగా ఉంటేనే బాగా పనిచేస్తుంది, సందులు పూడ్చదు. బిళ్లను అద్దం మీద పెట్టి వేలితో అంచులు నొక్కితే టకటకమని ఊగుతోందంటే అది వంకర పోయింది. రెండోది, గాజు కాంతిని లోపలికి రానివ్వాలి. ముదురు రంగు గాజు, అడుగున పెయింటు వేసిన గాజు, మధ్యలో ప్లాస్టిక్ పొర ఉన్న ల్యామినేటెడ్ గాజు ఆ కాంతిని అడ్డుకుంటాయి. వాటి కింద జిగురు ఎన్నాళ్లైనా పచ్చిగానే ఉంటుంది. మూడోది, దీపం. 365 నానోమీటర్ల దీపమని జిగురు ట్యూబు మీద రాసి ఉంటే అదే కావాలి. ఆ కాంతిలోకి కళ్లు పెట్టి చూడకూడదు.

పని చేసే తీరు సిలికాన్‌కు పూర్తిగా వ్యతిరేకం. శుభ్రం చేయడం మాత్రం అదే. కిటికీకి దూరంగా కూర్చోవాలి, పగటి వెలుతురుకే జిగురు బిగుసుకోవడం మొదలుపెడుతుంది. బోర్లించిన అద్దం మీద మధ్యలో ఒక్క బొట్టు వేసి, బిళ్లను ఓ పక్క నుంచి మెల్లగా దించితే గాలి బుడగలు బయటికి పోతాయి. జిగురు తనంతట తానే అంచుల దాకా పాకుతుంది. అద్దం అవతలి వైపు నుంచి కొన్ని సెకన్లు దీపం వేసి పట్టనిచ్చి, అంచు నుంచి పొంగిన జిగురును గుడ్డతో తుడిచి, తర్వాత ట్యూబు మీద చెప్పినంతసేపు పూర్తిగా దీపం వేయాలి. గాలి తగిలిన అంచు చివరన కొంచెం జిగటగా మిగలడం దాని సహజ గుణం, అక్కడ ఆల్కహాల్ గుడ్డతో తుడిస్తే పోతుంది.

నన్నడిగితే నాలుగు కాళ్లూ విడిగా ఉన్న టీపాయి అద్దాన్ని, ఊడిన కాలితో సహా, ఆటోలో వేసుకుని అద్దాల షాపుకు తీసుకెళ్లడం మేలు. ఇలాంటి పని చేసే షాపులో దీపమూ జిగురూ ఉంటాయి, పని నిమిషాల్లో అయిపోతుంది. ఒక్క బిళ్ల కోసం దీపం కొనడం నాకు దండగ అనిపిస్తుంది. వెళ్లాక, ‘‘యూవీ గమ్‌తోనే వేయండి, ముందు శుభ్రంగా తుడవండి’’ అని గట్టిగా చెప్పి, పక్కనే నిలబడి చూడండి.

మరి అందరికీ తెలిసిన ఆరాల్డైట్? రెండు ట్యూబులు కలిపే ఆ ఎపాక్సీ చెడ్డదేం కాదు. స్టీలు లేదా ఇనుప ముక్క చిన్నదై, రెండు మూడు సెంటీమీటర్లు మించక, నీడపట్టున ఉండే చోటైతే అది చక్కగా పనిచేస్తుంది. షోకేసు అద్దపు తలుపుకు ఉండే చిన్న పిడి అలాంటిదే. రెండు ట్యూబుల్లోంచి సమానంగా తీసి, తెల్లచారలు లేకుండా కనీసం మూడు నిమిషాలు కలపాలి. హార్డెనర్ ఎక్కువ పోస్తే త్వరగా గట్టిపడుతుందన్నది అపోహ, మెత్తగా జిగటగా ఉండిపోతుంది. దీన్నీ గట్టిగా బిగించి పిండేయకూడదు. గాలం వేసే నైలాన్ దారం, 0.3 మిల్లీమీటర్లది, రెండు ముక్కలు మధ్యలో ఉంచితే పొరకు కావలసిన మందం మిగులుతుంది. అయిదు నిమిషాల్లో పట్టే రకం కన్నా రాత్రంతా తీసుకునే మామూలు రకమే తేమకు ఎక్కువ నిలబడుతుంది. పెద్ద అల్యూమినియం బిళ్లకు మాత్రం ఎపాక్సీ వద్దు. అది అంత తేలిగ్గా వదలదు, అందుకే వేడి గుంజులాటలో ముందు గాజే పెచ్చులూడుతుంది. ఎండ తగిలేచోట కొన్నాళ్లకు పసుపెక్కి అద్దంలోంచి మరకలా కనిపిస్తుంది కూడా. గది వేడిలో ఆరిన ఎపాక్సీలు చాలావరకు 50, 60 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతాయి. కాబట్టి వంటపాత్ర గాజు మూత మీద పిడి ఊడితే జిగురు జోలికే పోవద్దు. దానికి మరతో బిగించే కొత్త పిడి బజార్లో దొరుకుతుంది.

ఇవన్నీ కుదరని వేళ, మందంగా ఉండే రెండు వైపులా అంటే అక్రిలిక్ ఫోమ్ టేపు ఉంది. కార్ల మీద బ్రాండు గుర్తులు అంటించేది ఇలాంటిదే. పిడులకు, తేలికైన కొక్కేలకు బాగుంటుంది. గట్టిగా నొక్కి, మూడు రోజులు బరువు పెట్టకుండా వదిలేయాలి. కిలో బరువు వేలాడాలంటే సుమారు 55 చదరపు సెంటీమీటర్ల టేపు కావాలని దాని లెక్క, అంటే పోస్టుకార్డులో దాదాపు సగమంత ముక్క. కాబట్టి టీపాయి కాలికి ఇది పనికిరాదు.

తలమీద వేలాడే గాజుకు, గోడకు కొట్టిన గాజు అలమర పలకకు, పిల్లలు ఊగే దేనికైనా జిగురొక్కదాన్నే నమ్ముకోకండి. అక్కడ మరలూ బిగింపులూ ఉండాలి, జిగురు వాటికి తోడు మాత్రమే.

అంటించిన తర్వాత నెలకోసారి అద్దం పై నుంచి బిళ్లను చూడండి. గాజులోంచి చూస్తే జిగురు అంటుకున్న చోటు ముదురుగా, ఒకే రంగులో కనిపిస్తుంది. వదులుతున్న చోట అంచు నుంచి వెండిలా మెరిసే మచ్చ, ఒక్కోసారి నీళ్ల మీద తేలిన కిరసనాయిలు లాంటి రంగులు కనిపిస్తాయి. ఆ మచ్చ గోరంత ఉన్నప్పుడే బిళ్ల తీసి మళ్లీ అంటించండి. దాని పక్కన నాలుగు చుక్కల ఫెవిక్విక్ పోస్తే లోపలికి పాకదు, తర్వాత గీకడం మాత్రం రెట్టింపవుతుంది. ఇల్లు ఊడ్చేటప్పుడు టీపాయిని జరపాల్సి వస్తే అద్దం అంచు పట్టుకుని ఎత్తకండి. చట్రం ఉన్నదైతే చట్రాన్ని పట్టుకోండి. కాళ్లు విడిగా ఉన్నదైతే నేల మీద ఈడ్వకుండా, ఇద్దరు చెరోవైపు పట్టి పూర్తిగా పైకెత్తి జరపండి.